గోంగూర అడిగిన ఇంటికి రొయ్యల పచ్చడి వెళ్లాక ఏం రాయాలి?

గోంగూర పచ్చడినీ, గోంగూర రొయ్యల పచ్చడినీ పక్కపక్కన పెడితే చూపుకి పెద్ద తేడా ఉండదు. రెండూ నల్లపచ్చగా, పైన నూనె తేలుతూ ఉంటాయి. చిన్న రొయ్యలు వేయించి కలిపితే గోంగూరలోనే మునిగిపోతాయి. వాసన చూస్తే తెలుస్తుంది కానీ ప్యాకెట్ సీలు వేశాక వాసన బయటికి రాదు. అందుకే ఇంటి పచ్చళ్లు చేసి ఊళ్లకు పార్సిల్ పంపే చిన్న దుకాణాల్లో ఏ ప్యాకెట్‌లో ఏముందో చెప్పేది దాని మీద అంటించిన స్టిక్కర్ ఒక్కటే. ఆ స్టిక్కర్ మారితే ఏమవుతుందో, మారాక దుకాణం యజమాని జనానికి ఏమని రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. దుకాణం కల్పితమే. అందులో జరిగే తప్పు మాత్రం ఈ వ్యాపారంలో ఎవరికైనా ఎదురుకాగలదు.

గుంటూరులో ఒక చిన్న పచ్చళ్ల షాపు అనుకుందాం. యజమానురాలు, ఇద్దరు పనివాళ్లు. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో వస్తాయి, డబ్బు ఫోన్‌లోనే పడుతుంది. సెప్టెంబరు 6, శనివారం నాడు గోంగూర పచ్చడి అరకిలో ప్యాకెట్లు 14, గోంగూర రొయ్యల పచ్చడి అరకిలో ప్యాకెట్లు 5 ఒకే బల్ల మీద నింపి, స్టిక్కర్లు అంటించి, సాయంత్రం కొరియర్‌కి ఇచ్చారు. సోమవారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఒక ఇంట్లో గోంగూర అని రాసి ఉన్న ప్యాకెట్ విప్పారు. వాళ్లు శాకాహారులు. పెద్దావిడ, మనవడు వేడన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక పిల్లాడి పంటికింద రొయ్య తగిలింది. రాత్రికి ఆ ప్యాకెట్ ఫొటో షాపు పేజీ కింద, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, బంధువుల గ్రూపుల్లో తిరిగింది.

మర్నాడు పొద్దున షాపు పేజీలో ఈ పోస్టు వచ్చింది:

"ప్రియమైన కస్టమర్లకు నమస్కారం. ఇటీవల మా పార్సిల్ ఒకదాని విషయంలో చిన్న పొరపాటు జరిగింది. ఆర్డర్లు ఎక్కువగా ఉండటం వల్ల, కొరియర్ వారి నిర్లక్ష్యం వల్ల ఇలాంటివి ఒక్కోసారి జరుగుతుంటాయి. దీనివల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించగలరు. పన్నెండేళ్లుగా నాణ్యతకు మారుపేరుగా నిలిచిన మా సంస్థపై కొందరు కావాలని దుష్ప్రచారం చేస్తున్నారు. కస్టమర్లు గమనించగలరు. మీ ఆదరణ ఎప్పటిలాగే ఉండాలని కోరుతూ, ఈ వారం అన్ని పచ్చళ్లపై 10 శాతం తగ్గింపు ఇస్తున్నాం."

ఈ పోస్టు రాసినామె చెడ్డమనిషి కాదు. భయపడింది. పన్నెండేళ్ల కష్టం ఒక్క ఫొటోతో పోతుందేమోనన్న బెంగ ప్రతి వాక్యంలోనూ కనిపిస్తుంది. కానీ చదివేవాళ్లకు కనిపించేది ఆ బెంగ కాదు. ఏ పచ్చడి, ఏ రోజు పార్సిల్, ఏం కలిసిందన్నది ఇందులో ఎక్కడా లేదు. శనివారం గోంగూర తెప్పించుకున్న మిగతా పదమూడు ఇళ్లవాళ్లు దీన్ని చదివి తమ ప్యాకెట్ తినవచ్చో లేదో తేల్చుకోలేరు. పోస్టులోని అతిపెద్ద లోపం ఇదే. మాట తీరు సంగతి తర్వాత.

రొయ్యలు కొందరికి పడవు. పడనివాళ్లకు పెదాలు, నాలుక వాచడం, దద్దుర్లు, ఊపిరి అందకపోవడం దాకా వెళ్లవచ్చు. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద విడిగా ప్రకటించాల్సిన అలర్జీ పదార్థాల్లో రొయ్యల జాతి కూడా ఉంది. శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చతురస్రంలో అదే రంగు త్రికోణం వేయాలన్నదీ ఆ నిబంధనల్లోదే. అంటే స్టిక్కర్ మారినప్పుడు పేరు ఒక్కటే కాదు, ఆ గుర్తూ మారింది. ఆకుపచ్చ చుక్కను నమ్మి తిన్న మనిషిని తప్పుదారి పట్టించింది షాపే. దాన్ని "చిన్న పొరపాటు" అనే హక్కు షాపుకి లేదు. చిన్నదో పెద్దదో చెప్పవలసింది తిన్నవాళ్లు.

ఇప్పుడు ఆ పోస్టును తిరగరాయాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు, మంచి మాటల కోసం వెతుకుతారు. ముందు కావలసింది మాటలు కాదు, విషయాలు. ఏం జరిగిందో యజమానురాలికే పూర్తిగా తెలియకుండా రాసిన క్షమాపణ ఎంత అందంగా ఉన్నా మర్నాటికి నిలబడదు.

మొదట కొరియర్ సంగతి. రసీదు మీది డాకెట్ నంబరు కొట్టి చూస్తే పార్సిల్ రాసిన చిరునామాకే వెళ్లిందని తెలుస్తుంది. పెట్టె టేపు చింపలేదని కస్టమర్ పెట్టిన ఫొటోలోనే ఉంది. కొరియర్ వాళ్లు పెట్టె విప్పి లోపలి స్టిక్కర్ మార్చరు. కాబట్టి "కొరియర్ వారి నిర్లక్ష్యం" అబద్ధం. రాసినప్పుడు ఆమెకు అది అబద్ధమని తెలియకపోవచ్చు, కానీ తెలుసుకోకుండా రాసింది. ఇక బరువు చూసి పట్టుకుందామంటే రెండు ప్యాకెట్లూ అరకిలోవే, రసీదు మీద తేడా ఉండదు.

అసలు జవాబు లెక్కలో ఉంది. నింపిన ప్యాకెట్లు గోంగూర 14, రొయ్యలవి 5. వాడిన స్టిక్కర్లు కూడా 14, 5 అయితే, ఒక రొయ్యల ప్యాకెట్ మీదికి గోంగూర స్టిక్కర్ వెళ్లిందంటే ఒక గోంగూర ప్యాకెట్ మీదికి రొయ్యల స్టిక్కర్ వెళ్లి తీరాలి. ఈ తప్పుకి జంట ఉంటుంది. రొయ్యల పచ్చడి అడిగిన ఐదిళ్లకు ఫోన్ చేస్తే ఆ జంట దొరుకుతుంది. నాలుగో ఇంట్లో ఎత్తినాయన "అవునండీ, ఇందులో రొయ్య ఒక్కటీ లేదు, మీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్నా" అంటాడు. మిగతా నాలుగిళ్లలోనూ రొయ్యలే ఉన్నాయంటే మారింది ఒక్క జతేనని తేలింది. ఐదిళ్లలో ఇద్దరికి గోంగూర వెళ్లి ఉంటే మాత్రం ఇంకో శాకాహార ఇంట్లో రొయ్యల ప్యాకెట్ ఉందన్నమాట. అప్పుడు పోస్టు రాయడం కంటే ఆ ఇల్లు పట్టుకోవడం ముఖ్యం.

ఈ లెక్క సరిపోయినా మిగతా పదమూడు ఇళ్లకు ఫోన్ చేయాల్సిందే. స్టిక్కర్ చుట్టలోంచి ఎన్ని వాడామన్నది చిన్న షాపుల్లో ఎవరూ రాసిపెట్టరు. చిరిగినవి పారేస్తారు, లెక్క తప్పవచ్చు. పదమూడు మందిలో పదకొండు మంది ఎత్తారు, అందరి ప్యాకెట్‌లోనూ గోంగూరే ఉంది. ఇద్దరు ఎత్తలేదు. ఇప్పుడు పోస్టుకి ఒక పని దొరికింది. ఆ ఇద్దరి కంట పడాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన ఫోన్ ఒకటుంది, ఆ హైదరాబాద్ ఇంటికి. పోస్టు పెట్టాక చేస్తే పోస్టు కోసమే చేసినట్టు ఉంటుంది. ఆ ఫోన్‌లో మాట్లాడాల్సిందీ తక్కువే. "అమ్మా, మీకు రొయ్యల పచ్చడి పంపింది మేమే. పెద్దావిడకీ బాబుకీ ఒంట్లో ఎలా ఉంది? డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ ఖర్చు నాది. మీ డబ్బు మొత్తం ఇప్పుడే వెనక్కి వేస్తున్నా." అంతవరకు చెప్పి వినాలి. వాళ్లు తిడితే తిట్టనివ్వాలి. బదులుగా మంచి గోంగూర పంపుతామని వెంటనే అనకూడదు. ఆ షాపు తిండి మళ్లీ ఇంట్లోకి రానివ్వాలో లేదో వాళ్లు తేల్చుకోవాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు, డబ్బు వేస్తాం, ఫొటో తీసేయండి అని బేరం పెట్టడం. ఆ ఒక్క మాటతో క్షమాపణ లంచమవుతుంది. అది కూడా స్క్రీన్‌షాట్‌గా బయటికొస్తుంది.

ఇదంతా అయ్యాక రాసిన పోస్టు ఇలా ఉంటుంది:

"సెప్టెంబరు 6, శనివారం నాడు మేం ప్యాక్ చేసిన ఒక గోంగూర రొయ్యల పచ్చడి ప్యాకెట్‌కి గోంగూర పచ్చడి స్టిక్కర్ అంటించి, శాకాహారం అడిగిన ఇంటికి పంపాం. ఆ ఇంట్లో ఇద్దరు తెలియక అది తిన్నారు. ఈ తప్పు మాదే. నిన్న కొరియర్ వాళ్ల పొరపాటని రాశాను. కనుక్కోకుండా రాశాను, అది నిజం కాదు. ఫిర్యాదు చేసినవాళ్లు దుష్ప్రచారం చేస్తున్నారని రాసినందుకు కూడా వాళ్లకు క్షమాపణ చెబుతున్నాను. వాళ్లు చెప్పినదంతా నిజం.

మా షాపు నుంచి 6వ తేదీ ప్యాకింగ్ గోంగూర పచ్చడి తెప్పించుకున్నవాళ్లలో ఇద్దరికి ఇంకా ఫోన్ కలవలేదు. మీ ప్యాకెట్ మీద ఆ తేదీ ఉంటే దయచేసి విప్పకండి, మాకు ఫోన్ చేయండి. ఇప్పటికే తిని ఉండి, దద్దుర్లు, వాపు, ఊపిరి ఇబ్బంది లాంటివి ఉంటే వెంటనే డాక్టర్‌ను కలవండి. మిగతా ఇళ్లన్నిటినీ ఫోన్‌లో అడిగాం, వాళ్లకు వెళ్లినవి సరిగానే ఉన్నాయి. రొయ్యల పచ్చడికి బదులు గోంగూర అందిన ఇంకో కస్టమర్ డబ్బు కూడా వెనక్కి ఇచ్చాం.

రెండు రకాలనూ ఒకే బల్ల మీద, ఒకే సమయంలో నింపాం. సీలు వేసే ముందు చూడాల్సింది నేను, ఆ రోజు చూడలేదు. ఇకమీదట మాంసాహార పచ్చళ్లు మంగళవారం ఒక్కరోజే ప్యాక్ చేస్తాం, ఆ రోజు వేరే రకం బల్ల మీదికి రాదు. వాటికి ఎర్ర మూతల సీసాలే వాడతాం, ప్యాకెట్లు వాడం. పెట్టెకి టేపు వేసే ముందు లోపలి సరుకు ఫొటో మీ వాట్సాప్‌కి పంపుతాం. ఎర్ర మూతల సీసాలు వచ్చేదాకా మాంసాహార పచ్చళ్ల ఆర్డర్లు ఆపేశాం.

ఆ కుటుంబానికి మేం చేసింది డబ్బుతో తీరేది కాదని తెలుసు. వాళ్లకు నేరుగా క్షమాపణ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను."

రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మొదట తెలిసేది క్రియల్లో తేడా. మొదటి పోస్టులో అన్నీ వాటంతటవే జరిగాయి. రెండోదాంట్లో మేం అంటించాం, మేం పంపాం, నేను చూడలేదు. తెలుగులో "పొరపాటు జరిగింది" అనడం నోటికి తేలిగ్గా వస్తుంది, చేసినవాళ్లెవరో చెప్పకుండా వాక్యం పూర్తయిపోతుంది. రైల్వే స్టేషన్‌లో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని వినేటప్పుడు చింతిస్తున్నది ఎవరని మనం అడగం, అడిగినా జవాబు రాదు. చిన్న షాపుకి ఆ భాష అస్సలు అతకదు. అక్కడ బల్ల దగ్గర నిలబడే మనిషి ఎవరో కస్టమర్లకు తెలుసు. అదే సమయంలో, స్టిక్కర్ అంటించిన పనమ్మాయి పేరు పోస్టులో లేదు, ఉండకూడదు. రెండు రకాలను ఒకే బల్ల మీద పెట్టించింది ఆ అమ్మాయి కాదు.

"దెబ్బతిని ఉంటే" అన్న మాట కూడా పోయింది. ఆ "ఉంటే" దెబ్బ తగిలిందో లేదో తేలలేదన్న అనుమానాన్ని కస్టమర్ మీదికి నెడుతుంది. రొయ్య తిన్నారన్నది అనుమానం కాదు. ఇక మనోభావాలన్న మాట వస్తే విషయం తిండి నుంచి కులమతాల వైపు జారుతుంది, కింద కామెంట్లలో గొడవ వేరే దారి పడుతుంది. ఆ కుటుంబం ఎవరో, ఏ కాలనీనో, ఎందుకు మాంసం తినరో రెండో పోస్టులో లేదు. శాకాహారం అడిగారు, అది పంపలేదు. చెప్పాల్సింది అంతవరకే.

క్షమాపణలో ఏది ఎక్కువ పనిచేస్తుందన్న దాని మీద పరిశోధన ఉంది. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికీ, మరో ఇద్దరు పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో క్షమాపణను ఆరు భాగాలుగా విడదీశారు. బాధపడుతున్నామనడం, ఎలా జరిగిందో చెప్పడం, తప్పు మాదేననడం, మళ్లీ చేయమనడం, నష్టం సరిదిద్దుతామనడం, మన్నించమని అడగడం. రెండు ప్రయోగాల్లో కలిపి 755 మందిని అడిగితే, అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చింది తప్పు మాదేనన్న మాటకి. తర్వాతది సరిదిద్దడానికి. అట్టడుగున నిలిచింది మన్నించమని అడగడం. మన దగ్గర "క్షమించగలరు" అన్నదే క్షమాపణ మొత్తమని అనుకుంటాం. రెండో పోస్టులో క్షమించమన్న అభ్యర్థన లేకపోవడం అందుకే. క్షమించాలా వద్దా అన్నది తిన్నవాళ్ల ఇష్టం, పదిమంది ముందు అడిగి వాళ్లని ఇరుకున పెట్టకూడదు.

ఆ అధ్యయనంలో ఇచ్చిన సందర్భం పచ్చళ్లది కాదు. ఉద్యోగానికి వచ్చిన ఒక అకౌంటెంటు గతంలో ఒక క్లయింటు పన్ను లెక్క తప్పుగా దాఖలు చేశాడని ఊహించుకోమన్నారు. కాబట్టి దాన్ని అంగుళం అంగుళం మన షాపుకి అంటించలేం. అందులో తేలిన ఇంకొక విషయం మాత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. తెలియక చేసిన తప్పుకి చెప్పిన క్షమాపణ పనిచేసినంతగా, తెలిసి చేసిన మోసానికి చెప్పినది పనిచేయలేదు. శనివారం నాటి తప్పు మొదటి రకం, పని తప్పు. మంగళవారం పొద్దున కొరియర్ మీద నెట్టిన పోస్టు దాన్ని రెండో రకంలోకి తోసింది. స్టిక్కర్ మారిందని క్షమించగలిగిన కస్టమరు కూడా అబద్ధం చెప్పారని తెలిశాక ఆ షాపు నూనె మీద, కారం మీద, తేదీల మీద కూడా అనుమానపడతాడు. రెండో పోస్టు మొదటి పోస్టుకి కూడా క్షమాపణ చెప్పడం అందుకే తప్పనిసరి. పాతదాన్ని చడీచప్పుడు లేకుండా తీసేసి కొత్తది పెడితే సరిపోదు.

తప్పు మాదేనని రాతపూర్వకంగా ఒప్పుకుంటే కేసులో దొరికిపోతామన్న భయం షాపులవాళ్లలో ఉంది. ఆ భయం పూర్తిగా తప్పని చెప్పను. పోస్టును వినియోగదారుల కమిషన్ ముందు పెట్టవచ్చు. కానీ ఇక్కడ ప్యాకెట్ ఫొటో, బిల్లు, వాట్సాప్ ఆర్డరు అప్పటికే కస్టమర్ దగ్గర ఉన్నాయి, దాచడానికి మిగిలింది ఏమీ లేదు. పైగా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపానికి ఇచ్చిన నిర్వచనంలో, వినియోగదారుడికి సంబంధించిన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడాన్నీ చేర్చింది. కాబట్టి నిర్ధారణ అయినది రాయాలి, ఊహించినది రాయకూడదు. ఎవరైనా ఆసుపత్రి పాలైతే మాత్రం పోస్టు పెట్టే ముందు ఒక లాయరుతో మాట్లాడటం మంచిది. ఆ మాటల కోసం తినకండన్న హెచ్చరికను మాత్రం ఒక్క గంట కూడా ఆపకూడదు.

"ఇలాంటిది ఇంకెప్పుడూ జరగదు" అని రెండో పోస్టులో లేదు. ముగ్గురు మనుషులున్న షాపు అలాంటి మాట ఇవ్వలేదు. మంగళవారం ప్యాకింగ్, ఎర్ర మూత, టేపుకి ముందు ఫొటో, ఈ మూడూ ఇవ్వగలిగిన మాటలు. పైగా కస్టమర్ వీటిని పట్టి చూడగలడు. ఫొటో రాకుండా పార్సిల్ వచ్చిందంటే షాపు మాట తప్పిందని వెంటనే తెలుస్తుంది. తగ్గింపు ఆఫర్ ఎందుకు తీసేశారో వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను. క్షమాపణ పక్కన అమ్మకం కనిపిస్తే చదివేవాళ్లు అమ్మకమే చదువుతారు.

పోస్టు పెట్టాక కామెంట్లు మూసేయకూడదు. ఫిర్యాదు ఏ చోట వచ్చిందో ఆ చోటే కింద జవాబుగా కూడా దీన్ని పెట్టాలి, ఎందుకంటే ఫొటో చూసినవాళ్లందరూ షాపు పేజీకి రారు. ఫోన్ కలవని ఇద్దరిలో ఒకరు దొరికితే దొరికారని అక్కడే ఒక వాక్యం చేర్చాలి. రెండోవారు దొరకకపోతే పార్సిల్ మీది చిరునామాకి మనిషిని పంపాలి.

ఇలాంటి ప్యాకెట్ మీ ఇంటికే వస్తే కోపంలో చెత్తబుట్టలో వేయకండి. స్టిక్కర్, ప్యాకింగ్ తేదీ, పెట్టె మీది డాకెట్ నంబరు కనిపించేలా ఫొటో తీసి ముందు షాపుకే పంపండి, ప్యాకెట్‌ను మూటకట్టి పక్కన పెట్టండి. షాపు జవాబివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మీరు పంపే ఆ ఫొటోతోనే ఇంకో ఇంట్లో విప్పబోతున్న ప్యాకెట్‌ను వాళ్లు ఆపగలుగుతారు.